గైడు మాస్టారు రాసిన ఉద్దేశం

ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పినా, ఆయనకు మిగిలిన పేరు గైడు మాస్టారు. పరీక్షలకు ముందు పిల్లలు బట్టీపట్టే ఆ గైడు పుస్తకం ఆయన రాసిందే. రిటైరవ్వడానికి రెండు నెలలుండగా మళ్లీ పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. పొద్దుటికి ఇరవై, మధ్యాహ్నానికి ఇరవై. కళ్లు మండుతున్నాయి, నడుము పట్టేసింది, ఆ హాల్లో ఫ్యాను తిరుగుతోందంటే తిరుగుతోంది.

అప్పుడొచ్చింది ఆ పేపరు. పాఠం ఒక దర్జీ కథ. రాని గిరాకీ కోసం చొక్కా కుట్టి, కొయ్యకు తగిలించి ఉంచుతాడు. ప్రశ్న: రచయిత ఉద్దేశం ఏమిటి? నాలుగు మార్కులు. 'శ్రమను గౌరవించమని బోధించడం' అని రాస్తే నాలుగూ ఇవ్వాలని, లేకపోతే సున్నా అని జవాబుల కాగితంలో ఉంది.

ఈ పిల్లో పిల్లాడో ఇలా రాశారు: "రచయిత మనసులో ఏముందో నాకు తెలియదు. కథలో దర్జీ ఆ చొక్కాను మూడుసార్లు ఇస్త్రీ చేస్తాడు, వీధి వైపు చూస్తాడు, కూలి ఊసే ఎత్తడు. అందుకని ఇది ఎదురుచూపు కథలా అనిపిస్తుంది."

కాగితం ప్రకారం దీనికి సున్నా వేసి మొత్తం కూడితే ముప్పై మూడు. పాసవ్వాలంటే ముప్పై అయిదు.

మాస్టారు పేపరు పట్టుకుని చీఫ్ ఎగ్జామినర్ మేడం దగ్గరికెళ్లారు. ఆవిడ కాగితం చూసి, రచయితే ఏదో సభలో శ్రమ గురించే రాశానన్నాడట కదా అంది.

"అన్నాడే అనుకోండమ్మా. అది ఆయన మాట. సాక్ష్యం కింద తీసుకుందాం, తీర్పు కింద కాదు. ఆయన అనుకున్నది కథలోకి రాకపోయి ఉండొచ్చు, అనుకోనిది వచ్చి ఉండొచ్చు. మన చేతిలో ఉన్నది కథ. ఈ జవాబు దాన్నే చూపిస్తోంది."

"కానీ ఆ ఉద్దేశం మీ గైడులోనే ఉందిగా, మాస్టారూ. ఆ సభ మాట కూడా అందులోదే."

మాస్టారికి అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

"ఆ ఉద్దేశం నేను పుట్టించిందే. అప్పట్లో ప్రెస్సువాడు తొందరపెట్టాడు, పేజీలో రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. సభా లేదు, గిభా లేదు."

ఆవిడ జవాబుల కాగితంలో 'కథలోంచి ఆధారం చూపితే పూర్తి మార్కులు' అని చేర్చి సంతకం పెట్టింది. మరి మీ వాక్యం రాసినవాళ్ల సంగతేమిటని అడిగింది. వాళ్లు తనను నమ్మారనీ, వాళ్ల మార్కులు తీయొద్దనీ ఆయన బతిమాలారు. సరేనంది.

సున్నా పోయి నాలుగు పడింది, ముప్పై ఏడు. ఆయన కుర్చీలో కూలబడి తర్వాతి పేపరు తీశారు. ఆయన వాక్యమే, అక్షరం పొల్లుపోకుండా ఉంది. దాని కింద స్కేలు పెట్టి గీత కూడా గీసి ఉంది. మాస్టారు నాలుగు వేశారు. ఆ కథ చదవాల్సిన పని ఆ బిడ్డకు లేకుండా చేసింది తానేనని తెలిసి, కలం కాసేపు పక్కన పెట్టేశారు.