లాభం, ఒకటి, రెండు

అంకెలకు శకునాలు అంటగట్టే జాతి ఎన్నటికీ బాగుపడదని నేను అప్పుడూ అనేవాణ్ణి, ఇప్పుడూ అంటాను. నేను ఆ మాట అన్నందుకు ఒక ముసలివాడు జైలు గడప దాకా వెళ్ళొచ్చిన సంగతి మాత్రం ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

అప్పట్లో నేను జగ్గయ్యపేటలో ఒక సహకార సంఘం ధాన్యం గోదాములో కొత్తగా చేరిన గుమాస్తాను. సంఘం ఆఫీసు నందిగామలో ఉండేది. ఏడాది చివర గోదాములో ఉన్న బస్తాలను లెక్కించి, స్టాకు పుస్తకంతో సరిచూసి పంపాలి. హమాలీలు ఒక వరస నుంచి బస్తాలు తీసి పక్క వరసలో వేస్తుంటే హమాలీ మేస్త్రి లెక్క పలికేవాడు. అతను "ఇరవై" అన్నప్పుడల్లా నేను గోడమీద సుద్దతో ఒక గీత గీసేవాణ్ణి, లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలయ్యేది. గోదాము తాళంచెవి కూడా ఆ మేస్త్రి మొలతాడుకే ఉండేది.

మొదటి బస్తాకు అతను "లాభం" అన్నాడు. రెండోదానికి "రెండు". మా వైపు ధాన్యం కొలిచేవాళ్ళందరూ ఒకటికి బదులు లాభమే అంటారు. నాకు ఒళ్ళు మండింది.

"ఆపు! ఒకటిని ఒకటి అంటే ధాన్యానికి పురుగు పడుతుందా? ఇది సర్కారుకు చూపే లెక్క. ఒకటి అనే మొదలుపెట్టు."

"నలభై ఏళ్ళ నాలికండీ, గుమాస్తాగారూ..."

"నాలికను దిద్దుకో."

హమాలీలు కిసుక్కున నవ్వారు. మేస్త్రి తల దించుకుని, మళ్ళీ మొదటి బస్తా నుంచి ఎత్తించాడు. నేను గెలిచానన్న సంబరంతో గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

సాయంత్రానికి గోడమీద నలభై గీతలు. ఎనిమిది వందల బస్తాలు. పుస్తకంలో ఎనిమిది వందల నలభై. మర్నాడు మళ్ళీ లెక్కించాం. మళ్ళీ ఎనిమిది వందలే.

నందిగామ నుంచి సెక్రటరీ దిగాడు. పెద్ద భూస్వామి, గొంతు కూడా అంతే పెద్దది.

"నలభై బస్తాలు గరికపాడు పొలిమేర దాటించి నైజాం వైపు అమ్ముకున్నావట్రా ముసలాడా?"

"అమ్మ తోడండీ, గింజ కూడా కదల్లేదండీ."

"మీ అమ్మని పోలీసోళ్ళు అడుగుతార్లే. గుమాస్తా, రేపు పొద్దున్న దాకా చూడు. ఫిర్యాదు కూడా రాసి ఉంచు, తేలకపోతే పోలీసులకిద్దాం."

మేస్త్రి నావైపు చూశాడు. ఆ చూపులో ప్రార్థన లేదు. అసహ్యం ఉంది.

పుస్తకం ముందేసుకున్నాను. వచ్చిన ప్రతి లారీ చీటీని జమతో, ఇచ్చిన ప్రతి చీటీని ఖర్చుతో కలిపి చూశాను. నందిగామ డిపోకు పంపిన బస్తాలు అక్కడ జమకాలేదేమోనని బస్సెక్కి వెళ్ళి వాళ్ళ పుస్తకమూ చూశాను. అన్నీ సరిపోయాయి. కాగితాల్లో తప్పు లేదు. గోదాముకు కన్నమూ లేదు, తాళం విరగనూ లేదు.

తిరుగు బస్సులో ఒక్క అంకె నన్ను పొడిచింది. తక్కువ పడ్డవి నలభై. గోడమీద గీతలూ నలభై. దొంగ అయితే గీతకు ఒకటి చొప్పున ఎందుకు దొంగిలిస్తాడు?

మర్నాడు పొద్దున్నే సెక్రటరీ ఎదుటే మళ్ళీ లెక్క మొదలుపెట్టించాను. ఈసారి గోడ వైపు తిరగలేదు. మేస్త్రి పక్కనే నిలబడి, కదిలిన ప్రతి బస్తాకూ ఒక చింతగింజ డబ్బాలో వేశాను. మొదటి బస్తా కదిలింది. మేస్త్రి మీసాల చాటున పెదవులు ఆడాయి: "లాభం." రెండో బస్తాకు గట్టిగా అరిచాడు: "ఒకటి!"

అతను "ఇరవై" అనేసరికి డబ్బాలో ఇరవైయొక్క గింజలు.

"మేస్త్రీ, మొదటి బస్తాకు ఏమన్నావు?"

"లాభం అన్నానండీ."

"ఒకటి అనమన్నాను కదా!"

"అన్నాను కదండీ, దాని తర్వాత. లాభం మానెయ్యమని తమరు చెప్పలేదు."

సెక్రటరీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే నలభై బస్తాలు మింగింది నీ సంస్కరణ అన్నమాట!" ఫిర్యాదు కాగితం మాత్రం చించాడు. ముసలాయన్ని ఒక్క మాట కూడా క్షమాపణ అడగలేదు. అడగాల్సినవాణ్ణి నేను.

అడిగాను. ఆయన తాళంచెవి మొలతాడు నుంచి విప్పి నా బల్లమీద పెట్టాడు.

"పోలీసోళ్ళ దాకా తీసుకుపోయి, ఇప్పుడు తప్పయిందంటే ఎట్టాగండీ? మీ ఒకట్లూ రెళ్ళూ మీరే లెక్కపెట్టుకోండి."

మళ్ళీ రాలేదు. లాభం అన్న మాట మూఢత్వమే. అందులో నాకు సందేహం లేదు. కానీ పుస్తకాన్నీ తాళాన్నీ చివరికి ఆ మనిషినీ అనుమానించాను. నేనిచ్చిన ఆజ్ఞను మాత్రం రెండు రోజులపాటు అనుమానించలేదు. ఆ మూఢత్వానికి పేరేమిటి?

గోదాములో మిగిలిన బస్తాలు నేనే లెక్కించాను. మొత్తం ఎనిమిది వందల నలభై. నోరు విప్పలేదు, గింజలే వేశాను. ఏ హమాలీ నవ్వలేదు, నాతో ఎవడూ మాట్లాడలేదు.