ఎర్రసిరా కొట్టేయించిన భీమక్క

మా భీమక్క మొదట గెలిచింది తన పేరును. మూడక్షరాల పేరు రాయడం నేర్చుకోవడానికి ఆమెకు పదిహేడు రోజులు పట్టింది. ఐదో తరగతి వరకు వీధిబడిలో చదివిన నేనే నేర్పించాను. 'భీ' గుడి కింద పడిపోయేది, 'మ' పక్కకు వాలేది, 'క్క' దగ్గర పలక పగలగొట్టబోయేది. 1952 మార్చి పదకొండో తేదీన ఆదోనిలోని సహకార బ్యాంకులో, గుమాస్తా చూపించిన చోట, వేలిముద్ర వద్దని చెప్పి సంతకం చేసింది. మా ఊళ్లో ఆడమనిషి బ్యాంకు కాగితం మీద పేరు రాయడం అదే మొదటిసారి. అప్పటికి మాది బళ్లారి జిల్లా. కర్నూలు జిల్లాలో చేరింది తరవాత.

భీమక్క నాకు అక్క కూతురు. మొగుడు చిన్న ఈరన్న పత్తిమిల్లులో యంత్రం కింద పడి పోయాడు. మిల్లువాళ్లు ఆరువందల రూపాయలు పరిహారం ఇచ్చారు. ఊళ్లో వడ్డీకి తిప్పమన్నవాళ్లు నలుగురు, కమ్మలు చేయించుకోమన్నవాళ్లు ఇద్దరు. ఆమె ఎవరి మాటా వినలేదు. ఐదేండ్ల డిపాజిట్టు వేసి, రసీదు తెచ్చుకుంది.

రెండేండ్లకు తమ్ముడు గిడ్డయ్య బావి తవ్వుతుంటే బండ అడ్డం పడింది. బండ పేల్చడానికి మూడువందలు కావాలి. డిపాజిట్టు తీసేస్తే వడ్డీ పోతుంది. బ్యాంకు సెక్రటరీ ఒక దారి చెప్పాడు. డిపాజిట్టు అట్లే ఉంచి, దాని మీద అప్పు తీసుకోవచ్చు. అట్లాగే చేసింది. అప్పు నోటు రాసి సంతకం పెట్టింది, రసీదు వెనక కూడా సంతకం పెట్టి బ్యాంకులోనే ఉంచింది. అప్పు తీరేదాకా ఈ డబ్బు కదిలించకూడదని గుమాస్తా రసీదు మీదా, డిపాజిట్టు లెడ్జరులోనూ ఎర్రసిరాతో అప్పు నంబరు వేసి రాశాడు. దాన్ని బ్యాంకులో లీన్ అంటారు.

బావిలో నీళ్లు పడ్డాయి. రెండు పంటల శెనక్కాయ అమ్మి, 1956 జనవరి ఇరవై మూడున అసలూ వడ్డీ కలిపి మూడువందల ఇరవై నాలుగూ అక్కాతమ్ముళ్లు పోయి కట్టారు. గుమాస్తా శ్రీనివాసులు నోటు మీద 'చెల్లు' అని ముద్ర కొట్టి చేతికిచ్చాడు.

"రసీదు ఇనప్పెట్టెలో ఉండాది. తాళాలు సెక్రటరీగారి దగ్గరుండాయి, ఆయన క్యాంపు పోయినాడు. వారం దినాలకు రాండి" అన్నాడు.

మా పక్క ఒక ఆచారం ఉంది. అప్పు తీరినప్పుడు నోటును ఇద్దరు మనుషుల ముందర చింపితే అంతటితో లెక్క ముగిసినట్టు. ఆ తరవాత దాని మాటెత్తితే మర్యాద కాదు. గిడ్డయ్య బ్యాంకు గడప దిగగానే, టీ అంగడి ముందర ఇద్దర్ని పిలిచి నోటును నాలుగు ముక్కలు చేశాడు. రసీదు కోసం మళ్లీ ఎవరూ పోలేదు. చింపిందాని వెనక బ్యాంకులో ఎర్రసిరా రాత మిగిలి ఉంటుందని మావాళ్లకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఇక అసలు సంగతి. ఈ ఏడు కర్నూలులో ఏప్రిల్ నుంచి ఆరునెలలు సాగే కుట్టు శిక్షణలో భీమక్కకు చోటు దొరికింది. సొంత మిషను ఉంటేనే చేర్చుకుంటారు. మిషనుకూ, తిండి ఖర్చుకూ ఆ డిపాజిట్టే ఆధారం. మార్చి పదమూడు సాయంత్రంలోగా డబ్బు కట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. డిపాజిట్టు గడువు మార్చి పదకొండు, సోమవారం. ఆ పొద్దున భీమక్కా, గిడ్డయ్యా, నేనూ మొదటి బస్సెక్కాం.

శ్రీనివాసులు లెడ్జరు తెరిచి, వేలు ఎర్రసిరా మీద పెట్టాడు.

"ఏమమ్మా, దీని మీద లీన్ ఉండాది. అప్పు నంబరు నలభై ఒకటి. ఇది ఉన్నంతవరకు దుడ్లు ఇచ్చేదానికి లేదు."

"ఆ అప్పు తీర్చేసి ఏడాది దాటింది సార్" అంది భీమక్క.

"తీరినట్టు నోటు చూపించు."

గిడ్డయ్య గొంతు తగ్గించి, "చింపేసినాం సార్" అన్నాడు.

"ఎందుకు చింపితివప్పా?"

"తీరిపోయిందని."

"తీరినందుకు సాక్ష్యమే అది. దాన్నే చింపుకుంటివి. ఇంగ నేనేం జేసేది?"

గిడ్డయ్య నా వైపు చూశాడు. "మామా, నువ్వన్నా చెప్పు. ఇద్దరు సాక్షులుండారు గదా, ఒకడు టీ అంగడి ఉరుకుందు."

"ఉరుకుందు వచ్చి మా లెడ్జరులో సంతకం పెడతాడా?" అన్నాడు శ్రీనివాసులు. వెనక బల్లల దగ్గర నవ్వారు.

ఊరి పంచాయతీలో పదకొండేండ్లు తగవులు తీర్చినవాణ్ని, ఆ బల్ల ముందర నాకు మాట రాలేదు. వచ్చింది భీమక్కకు.

"సార్, ఇది డిపాజిట్ల పుస్తకం గదా. అప్పులకు వేరే పుస్తకం ఉండాదా?"

"ఉండాది."

"అయితే నలభై ఒకటో నంబరు దాంట్లో తీయండి. నేను కట్టిన దుడ్లు మీరు రాసుకోకుండా ఉంటారా? నా చేతిలో కాగితం లేకపోతే మీ చేతిలో ఉంటుంది."

శ్రీనివాసులు లేచాడు. బీరువాలోంచి అప్పుల లెడ్జరు దించి దుమ్ము తట్టాడు. నలభై ఒకటో పుట. 1956 జనవరి ఇరవై మూడు, జమ మూడువందల ఇరవై నాలుగు, బాకీ సున్న. ఆ నాటి రోజువారీ చిట్టాలో కూడా అదే మొత్తం, అదే పేరు. రెండూ సరిపోయాయి. రసీదు ఇచ్చే రోజున లీన్ తీసేయాలని ఆపి ఉంచారు, మావాళ్లు పోకపోవడంతో అది అట్లే మిగిలిపోయింది. శ్రీనివాసులు మూడు పుస్తకాలూ మోసుకొని సెక్రటరీ గదిలోకి పోయాడు. మేమూ వెనకే పోయాం.

సెక్రటరీ అన్నీ చూసి, "అప్పు తీరింది నిజమే. వారానికి రమ్మంటే ఏడాది దాటి వస్తిరే" అన్నాడు.

"మా ఊరి వారం కొంచెం పొడుగు సార్" అంది భీమక్క.

ఆయన నవ్వి కలం తీశాడు. డిపాజిట్టు లెడ్జరులో ఎర్రసిరా మీద అడ్డంగా గీత కొట్టి, 'అప్పు తీరినందున లీన్ రద్దు' అని రాసి, తేదీ వేసి పొడి సంతకం పెట్టాడు. డబ్బు చీటీ రాయబోతుంటే భీమక్క ఆపింది.

"రసీదు మీద కూడా ఉండాది సార్ ఆ రాత. అదీ చూస్తాను."

ఇనప్పెట్టె తెరిపించారు. రసీదు మీది ఎర్ర రాతనూ అట్లే కొట్టి సంతకం పెట్టాడు. ఆమె రసీదును లెడ్జరు పక్కన పెట్టి, వేలితో ఒక్కో అక్షరం పట్టుకుంటూ రెండింటినీ చదివింది. తేదీలు సరిచూసింది. ఆ గదిలో ఎవరూ తొందర పెట్టలేదు. ఐదేండ్ల కింద 'క్క' దగ్గర పలక పగలగొట్టబోయిన మనిషేనా ఈమె అనుకున్నాను.

"ఇప్పుడు ఇయ్యండి సార్" అంది.

అణా స్టాంపు మీద సంతకం చేసింది. శ్రీనివాసులు పాత సంతకంతో పోల్చి చూసి, "అప్పటికంటే ఇప్పుడే బాగుండాదమ్మా" అన్నాడు. వడ్డీతో కలిపి ఆరువందల తొంభై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. పన్నెండో తేదీ మంగళవారమని ప్రయాణం మానుకొని, బుధవారం తెల్లవారుజామున కర్నూలు బస్సెక్కించాం. మధ్యాహ్నానికల్లా మిషనుకూ, తిండికీ డబ్బు కట్టేసింది.

ఈ సంగతి విన్నాక మా ఊళ్లో బ్యాంకు అప్పు తీర్చేసిన ముగ్గురు ఆదోని పోయి తమ రసీదులు అడిగి తెచ్చుకున్నారు. వాళ్లలో ఒకడు నన్ను తీసుకుపోయాడు. ఏ పుస్తకం అడగాలో నేనే చెప్పాను.

భీమక్క ఉత్తరం నిన్న వచ్చింది, తనే రాసింది. రవికెలు అయిపోయి చొక్కాల దగ్గరికి వచ్చిందట, కాలరు ఇంకా లొంగడం లేదట. శిక్షణ సెప్టెంబరు ముప్పైతో ముగుస్తుంది. మరునాడు మంగళవారం గనక బయలుదేరదు. మిషనుతో ఊళ్లో దిగేది 1957 అక్టోబరు రెండో తేదీ, బుధవారం.