రెండు పేజీల్లో ట్రస్టు డీడ్

ధర్మవరంలో వకీలు దగ్గర జూనియరుగా చేరిన కొత్తల్లో నాకు దక్కిన పెద్ద కేసు, అసలు కేసే కాదు. ఇరవై రెండు పేజీల ట్రస్టు డీడ్‌ను రెండు పేజీల్లోకి కుదించడం. ట్రస్టీలెవరు, ఉద్దేశాలేమిటి, ఆస్తి మీద ఏ అధికారాలున్నాయి, ట్రస్టీని ఎట్లా తొలగించాలి, ఈ నాలుగూ ఉంటే చాలన్నారు ట్రస్టువాళ్లు. మా సీనియర్ కాగితాలు నా చేతిలో పెట్టి, "నువ్వు చదువుకున్నోడివి గదా, చదువు" అన్నాడు. ఆయన చదవలేదని అర్థమైంది.

ఆ ట్రస్టు మా నేతగాళ్ల వీధిది. ముందు తరంవాళ్లు ఐదుగురు కలిసి ఊరి బయట నాలుగెకరాల చేను, అందులో ఒక బోరు, పక్కనే హాస్టలు పెట్టి, పల్లెల నుంచి వచ్చి చదువుకునే ఆడపిల్లలకు ఉచితంగా తిండీ నీడా ఇవ్వాలని రాసుకున్నారు. ఇప్పుడు సోలార్ కంపెనీ ఒకటి ఆ చేనును ఇరవై ఐదేళ్లకు లీజుకు అడిగింది. మా దిక్కు వానను నమ్మలేం గానీ ఎండకు ఢోకా లేదు. నలుగురు ట్రస్టీలు సరే అన్నారు. ఐదో ట్రస్టీ, వీధిలో సగంమందికి చదువు చెప్పి రిటైరైన టీచరమ్మ, ఒప్పుకోలేదు. చేనుతో బోరు పోతే పిల్లలకు నీళ్లు యాడివి అని ఆమె మాట.

నలుగురూ ఆలోచించి మార్గం కనుక్కున్నారు. ఆమె ట్రస్టీయే కాదన్నారు.

"మూడు మీటింగులకు రాకుంటే పోయినట్టేనప్పా, డీడ్‌లోనే ఉండాది" అన్నాడు మేనేజింగ్ ట్రస్టీ. పట్టుచీరల వ్యాపారి, మర్యాదస్తుడు. "ఆయమ్మ మూడింటికీ రాలేదు. ఆ ముక్క రాసిచ్చేయ్."

"చదివి రాస్తానన్నా."

"చదివేదెందుకప్పా, నేను చెప్తాండా గదా."

ట్రస్టీల పేర్ల దగ్గరే పని పెరిగింది. డీడ్‌లో ఉన్న ఐదుగురూ కాలం చేసినారు. వాళ్ల చోట్లలోకి ఎవరెప్పుడు వచ్చినారో మినిట్స్ బుక్కులో తీర్మానాలు వెతికి రాసుకున్నాను. టీచరమ్మ తన మామ చోటులోకి వచ్చింది. ఆస్తి సంగతికొస్తే, అమ్మడానికి వీల్లేదు. మూడేళ్లు మించిన లీజుకు ట్రస్టీలందరి సంతకాలూ కావాలి. ఎండోమెంట్స్ శాఖ అనుమతి కూడా అడగాల్సి రావొచ్చన్నది డీడ్‌లో లేదు గనక, సీనియర్ కోసం వేరే కాగితం మీద రాసి పెట్టినాను.

ఒకటి ఒప్పుకోవాలి. తొలగింపు గురించి నేనూ చదవకముందే 'వరుసగా మూడు మీటింగులకు రాని ట్రస్టీ తొలగినట్టే' అని చిత్తుప్రతిలో రాసేసినాను. వీధి మొత్తం అదే చెప్తుంటే నాకు మాత్రం అనుమానమెందుకు? తర్వాత పోల్చి చూద్దామని పదహారో పేజీ తీస్తే, 'వరుసగా మూడు సమావేశములకు హాజరుకాని ట్రస్టీని' అని పేజీ అయిపోయింది. వాక్యం పదిహేడో పేజీలోకి పోయింది. మా వీధి పదహారు దగ్గరే ఆగిపోయింది.

పదిహేడో పేజీ చెప్పేదిది. ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్న మీటింగులే లెక్కకొస్తాయి. రాకపోవడానికి కారణం చెప్పుకొనే అవకాశమివ్వాలి. ఆ తర్వాత మిగతా ట్రస్టీల్లో మూడింట రెండొంతులమంది తీర్మానిస్తేనే తొలగింపు.

"నోటీసులు ఎట్లిచ్చినారన్నా?" అని వ్యాపారిని అడిగినాను.

"ఒకే వీధోళ్లకు నోటీసేంది? వాకిట్లో నిలబడి కేకేస్తాం."

మా వీధిలో ప్రతి ఇంట్లో మగ్గం ఆడుతుంది. ఆ చప్పుడులో పక్కగదిలోంచి అన్నానికి పిలిచినా వినబడదు.

ఈసారి మీటింగుకు నేనే ఐదు నోటీసులు రాసి, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తీసుకున్నాను. టీచరమ్మ తనది రెండుసార్లు చదివింది. "ట్రస్టీనైనాక నాకొచ్చిన మొదటి కాగితం ఇదే నాయనా" అంది.

హాస్టలు భోజనాల గదిలో నా రెండు పేజీలూ చదివినాను. తొలగింపు క్లాజు అయ్యేసరికి వ్యాపారి డీడ్ అడిగి తీసుకుని, పదహారు చూసి, పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పినాడు.

"నీకు చదివేది నేర్పింది నేనే గదప్పా," అంది టీచరమ్మ. "పేజీ తిప్పేది నేర్పడం మర్చిపోయినట్టుండాను."

మిగతా ముగ్గురూ నవ్వినారు. నాలుగో ఆయన కొంచెం ఆలస్యంగా నవ్వినాడు.

"అట్లయితే ఇంక నోటీసులు పంపుతాం టీచరమ్మా" అన్నాడు వ్యాపారి.

"పంపప్పా. అన్నిటికీ వస్తా." ఆమె నావైపు తిరిగింది. "లీజుకు అందరి సంతకాలన్నావే, అందులో నాదీ ఉంటుందా?"

"మీదీ ఉండాల్సిందే."

"బోరూ, దాని చుట్టూ ఎకరా వదిలేసి కాగితం రాయించుకుని రాండి. అప్పుడు చూస్తా."

వ్యాపారి కాసేపు కిటికీలోంచి చేనువైపు చూసినాడు. తర్వాత మినిట్స్ బుక్కు నాముందుకు జరిపి, "రాయప్పా. కంపెనీని మూడెకరాలకే అడగాలని" అన్నాడు.

అంతకంటే ముందు రాయాల్సింది ఒకటుంది గనక, హాజరైన ట్రస్టీలు ఐదుగురు అని రాసినాను.