మెట్లు ఈశాన్యంలో పడిన బొమ్మ

2006 మార్చి 9, గురువారం, ఉదయం పదిన్నర. ఏలూరులో నేను అప్పుడే చేరిన గ్రాఫిక్స్ షాపులో స్కానర్ మూత ఎత్తి, ఒక ఇంటి ఫోటోను బోర్లా పెట్టాను. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే ఒక షావుకారుగారు కొత్తగా కట్టుకున్న ఇల్లది. గృహప్రవేశం శుభలేఖ మీద దాని బొమ్మ వేయాలి. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేను. బొమ్మ షావుకారుగారికి నచ్చితే ఉద్యోగం ఖాయమని షాపు యజమాని ముందే చెప్పారు.

కంప్యూటర్ ఆటల్లో కనిపించే ఇళ్ళలాగా, పైనుంచి ఏటవాలుగా చూసినట్టు గీస్తానన్నాను. ఫోటో మీద ఉన్నదున్నట్టు గీతలు దిద్దితే ఆ రూపం రాదు. ఫోటోలో గోడల అంచులు దూరం వెళ్ళేకొద్దీ దగ్గరపడతాయి. ఈ పద్ధతిలో అవి చివరిదాకా సమాంతరంగా ఉండాలి. అందుకని తలుపు ఎత్తును కొలతగా తీసుకుని కిటికీలనూ పిట్టగోడనూ దానితో పోల్చుకున్నాను. ప్రతి ఏటవాలు గీతనూ కంప్యూటర్ తెర మీద రెండు చుక్కలు పక్కకు, ఒక చుక్క పైకి నడిపించాను. ఫోటోలో కనబడని డాబా మీద ఏమున్నదో షావుకారుగారికి ఫోన్ చేసి అడిగాను.

వెలుగు ఎడమవైపు నుంచి పడేలా రంగులు వేయడం నేను నేర్చిన పద్ధతి. ఇంటి ముఖం కుడివైపున, నీడలో పడింది. అందుకని ముఖం ఎడమకు వచ్చేలా బొమ్మను అద్దంలోలా తిప్పేసి, గుమ్మం మీద ఇంటి పేరును సరిగా రాసి, రంగులు పూర్తిచేశాను. షాపులో అందరూ మెచ్చుకున్నారు.

శనివారం ప్రింటు తీసుకుని గూడెం వెళ్ళాను. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి సంబరపడ్డారు. షావుకారుగారి తల్లి కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"బాగుంది నాయనా. ఎవరిదీ ఇల్లు?"

మీదేనండీ అన్నాను.

"తూర్పు వాకిలికి మెట్లు ఆగ్నేయంలో కట్టించాం. నువ్వు పట్టుకెళ్ళి ఈశాన్యంలో పెట్టావు."

"ఈ కార్డు చూస్తే, వాస్తు పట్టింపున్న మా బావగారు భోజనానికి కూడా ఆగరండీ," అన్నారు షావుకారుగారు. అందరూ నవ్వారు, నాకు మాత్రం ఉద్యోగం చెయ్యిజారినట్టే అనిపించింది.

ఏం చేయాలో తోచక ప్రింటును వెనక్కి తిప్పి, కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నాను. పల్చని కాగితంలోంచి బొమ్మ తిరగబడి కనిపించింది. మెట్లు వాటి చోటికి వచ్చాయి. వెలుగు ఇప్పుడు కుడివైపు నుంచి, నేరుగా గుమ్మం మీద పడుతోంది.

"ఇదిగో, ఇదీ మా ఇల్లు," అన్నారామె. "పొద్దుటెండ కూడా వాకిట్లోకే వచ్చింది. పేరొక్కటే తిరగబడింది, అది దిద్దెయ్యి చాలు."

షాపుకు తిరిగి వచ్చి బొమ్మను మళ్ళీ తిప్పి, పేరు దిద్దాను. శుభలేఖలు అలాగే అచ్చయ్యాయి.

సోమవారం నా ఉద్యోగం ఖాయమైంది. అప్పటినుంచి ఏ ఇంటి ఫోటో వచ్చినా, స్కాన్ చేసేముందు ఆ ఇల్లు ఏ దిక్కుకు ఉన్నదో అడిగి, ఫోటో వెనక పెన్సిలుతో ఉత్తరం గుర్తు వేసుకుంటున్నాను.