తిలగం ఇంక్రిమెంటు లెటరు

తట్టాంచావడి ఇండస్ట్రియల్ ఎస్టేటులో మందుల సీసాలకు ప్లాస్టిక్ మూతలు పోసే చిన్న ఫ్యాక్టరీలో తిలగం పని. ఐదేళ్ళు ప్యాకింగులో కూర్చుంది, ఏడాదిగా మూతలు పరీక్షించే పనిలో ఉంది. మూత అంచు మీద వేలు తిప్పితే చాలు, పీచు లేచిందో లేదో చెప్పేస్తుంది. అలాంటి మనిషికి నోరు తెరిచి జీతం పెంచమనడం మాత్రం చేతకాదు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఆమెకూ తెలుసు. కానీ ఆమె పుట్టింటివాళ్ళు పొలాలు పోయినా పరువు పోనివ్వని రకం. అడగడమంటే చెయ్యి చాచడమే వాళ్ళ లెక్కలో.

ఈసారి అడక్క తప్పలేదు. భర్త ఇరుసప్పన్ బస్తాలు మోసి మోసి నడుం పోగొట్టుకుని సంక్రాంతితో మొదలయ్యే తై నెల నుంచీ ఇంట్లోనే ఉన్నాడు. తిలగం జీతం నాలుగున్నర వేలు. అందులో అద్దె, మందులు పోను మిగిలేది ఆ ఇల్లాలికే తెలుసు. ఏప్రిల్లో ఇంక్రిమెంట్లు వేస్తారు కాబట్టి మార్చిలోనే లెటరు ఇవ్వాలి. ఫ్యాక్టరీ యజమాని, ముదలాళి రఘునాథన్ నోటిమాట వినే మనిషి కాదు, ఏదైనా కాగితం మీద ఉండాలంటాడు.

పక్కింటి నందిత ఊళ్ళో ఒక కంపెనీ ఆఫీసులో ఉద్యోగాల విభాగంలో పనిచేస్తుంది. రోజూ ఇలాంటి లెటర్లు చదివే పిల్ల. ఆదివారం మధ్యాహ్నం తిలగం తను తమిళంలో రాసుకున్న కాగితం ఆమె చేతికిచ్చింది. నందిత చదివి నిట్టూర్చింది.

"ఏందక్కా ఇది? మొదటి సగం ఏడుస్తా ఉండావు, రెండో సగం బెదిరిస్తా ఉండావు."

"బెదిరించినానా? యాడ?"

"సేదరపేట్‌లో వేరే కంపెనీవాళ్ళు ఆరు వేలు ఇస్తారు, మీరు ఇయ్యకుంటే పోతాను అని రాసినావు గదా. నిజంగా పోతావా?"

"ఈయన్ని వదిలి అంత దూరం యాడ పోయేది?"

"మరి పోనిదానికి పోతానని ఎందుకు రాసేది? ఆయన సరే పో అంటే ఏం చేస్తావు?"

నందిత పెన్ను తీసుకుని ఇరుసప్పన్ నడుం కొట్టేసింది, అద్దె కొట్టేసింది. తన సంసారాన్ని వరసగా అలా గీతపెట్టి కొట్టేస్తుంటే తిలగానికి మనసు చివుక్కుమంది.

"కష్టం చెప్తే పావం అంటారక్కా, సంబళం పెంచరు. నీవల్ల కంపెనీకి ఏం మారిందో అది చెప్పు. లెక్కతో చెప్పు."

తిలగం ఆలోచించి చెప్పింది. మునుపటి ఏడాది చెన్నై మందుల కంపెనీ నుంచి తొమ్మిది లాట్ల మూతలు వెనక్కి వచ్చాయి. తను పరీక్షలోకి వచ్చిన ఏడాదిలో వచ్చినవి రెండే.

నందిత ముఖం వెలిగింది. ఆ ముక్కే మొదటి పేరాగా పెట్టింది. తిలగం ఎక్కడ 'మేము' అంటే అక్కడ 'నేను' అని మార్చింది. సేదరపేట్‌ని తీసేసి, 'ఈ పనికి బయట ఇస్తున్న జీతం ఆరు వేల వరకు ఉంది' అని ఒక్క వాక్యం రాసింది. 'ఇవ్వాల్సిందే' పోయి, 'వీటిని చూసి నా జీతం ఐదువేల ఏడువందలకు సవరించే విషయం పరిశీలించగలరు, మీకు వీలైనప్పుడు వచ్చి మాట్లాడతాను' అని వచ్చింది. అడిగినట్టూ ఉంది, అడుక్కున్నట్టు లేదు. అది విని తిలగం మొదటిసారి కాస్త నిటారుగా కూర్చుంది.

"మూతలు పోసే పాత అచ్చు అరిగిపోయి ఉండె నందితా. కొత్తది వచ్చిన నెలే నేనూ పరీక్షకి వచ్చినా. అది రాయొద్దా?"

"ఒక్క పేజీలో ఎన్నని పెట్టేదక్కా? నీ గురించి రాసుకో చాలు."

తిలగం సరేనంది. తనకు ముందు ఆ తొమ్మిది లాట్లు పరీక్షించినవాడు అరుణాచలం. వరసకు మామ. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. మోకాళ్ళు పట్టేసి నిలబడలేక ఇప్పుడు స్టోర్సులో కూర్చుంటున్నాడు. ఇవన్నీ తెలిసే సరేనంది. అవసరం అలాంటిది.

లెటరు ఇచ్చిన మూడోనాడు రఘునాథన్ పిలిచాడు. ఫ్యాక్టరీలో తమిళమే మాట్లాడినా, గదిలో వేరేవాళ్ళు లేకపోతే ఆయనది ఇంటి తెలుగే.

"బాగుండాది లెటరు. మావాళ్ళంతా కొంపలు మునిగినట్టు రాస్తారు, నువ్వు లెక్క రాసినావు." కాగితం మళ్ళీ చూశాడు. "తొమ్మిది లాట్లు. అప్పుడు చూసేది అరుణాచలం గదా? మే నెలతో ఆయనకి సర్వీసు ముగుస్తాది. ఇంకో సంవత్సరం పెట్టుకోమంటా ఉండాడు. పెట్టుకుందామనే ఉంటిని."

ఉంటిని అన్నాడు, ఉండాను అనలేదు. తిలగానికి కావలసింది జరిగినట్టే, ఒక్క మాట మాట్లాడకుండా బయటికి నడిస్తే చాలు. ఇరుసప్పన్ మంచం కళ్ళ ముందు కదిలింది. అరిగిన అచ్చు గురించి వారం వారం ఈ గది తలుపు దగ్గర నిలబడి మొత్తుకున్న మామ కూడా కదిలాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"అప్పుడు పాత అచ్చు సార్. అంచు అరిగిపోయి పీచు లేస్తా ఉండె. మామ చెప్తానే ఉండె."

"ఇందులో ఆ మాట లేదే."

"ఇట్లా ఇయ్యండి సార్. వేరే రాసుకోనొస్తాను."

ఆయన వింతగా చూసి కాగితం ఇచ్చేశాడు.

నందిత విని తల కొట్టుకుంది. "చేతికొచ్చింది వదులుకుంటివే. సరే, కొత్త అచ్చు వచ్చినాక ఏం మారిందో చెప్పు."

మారింది కొంచెమే. కొత్త అచ్చుతో మొదటి ఆరు నెలల్లో రెండు లాట్లు వెనక్కి వచ్చాయి. ఆ తర్వాత తిలగం ఒక పద్ధతి పెట్టింది. షిఫ్టు మొదలైనప్పుడూ, మిషను ఆగి మళ్ళీ నడిచినప్పుడూ, మొదట పడిన మూతలు చూసి సరేనంటే తప్ప మిగతావి పోయనివ్వదు. అప్పటినుంచి ఒక్క లాటూ తిరిగి రాలేదు. ఈసారి లెటర్లో తొమ్మిది లేదు. 'కొత్త అచ్చు వల్ల వాపసులు తగ్గాయి. నేను మొదలుపెట్టిన ఈ పరీక్షతో పూర్తిగా ఆగాయి' అని ఉంది. అడిగిన మొత్తం మాత్రం నందిత మార్చనివ్వలేదు.

రఘునాథన్ చదివి, "రెండు లాట్లే గదా నీ లెక్కకి మిగిలింది" అన్నాడు. ఏప్రిల్లో అడిగిన పన్నెండు వందలకు బదులు ఐదు వందలు పెరిగాయి. అరుణాచలానికి ఇంకో ఏడాది ఇచ్చారు.

ఆ కబురు తెలిసిన సాయంత్రం గేటు బయట టీ కొట్టులో మామ తిలగానికి టీ ఇప్పించాడు. మనిషి సంతోషంలో ఉన్నాడు. ఆమెకు ఎంత పెరిగిందో అడిగి, విని, మొహం చిట్లించాడు.

"ఐదు నూర్లేనా? నన్ను చూడు, కాగితం గీగితం లేదు, నేరుగా పోయి అడిగినాను. ఇచ్చినారు. మన పని మీద మనకి నమ్మకం ఉండాల తిలగం. నీకది లేదు."

తిలగానికి ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళి ఇరుసప్పన్‌కి ఏమని చెప్పాలో ఇంకా తోచలేదు. టీ చల్లారుతోంది.

"ఔను మామా, నాకు అడిగేది తెలీదు" అంది.