ఊడిపోయిన ఆవు బొమ్మ

మా కోడలు నేత్ర గురించి రాయాలంటే ముందు ఆమె మొండితనం గురించే రాయాలి. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నా రాతలో తప్పులుంటే మీరే దిద్దుకోండి. కోడలి తప్పులు మాత్రం నేనే దిద్దుతాను. ఆ పని ఇంకెవరికీ ఇవ్వను.

దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగులకు ఆకు కోస్తూ పెరిగిన పిల్ల. పాతపాళ్యలో మా ఇంటికొచ్చి టమాటా తోటను తనదే చేసుకుంది. కిందటేడు నా కొడుకు మంజునాథకు చూపు మందగించింది. బండి నడపొద్దన్నాడు డాక్టరు. మా చిన్న టెంపో వాకిట్లో నిలబడిపోయి కోళ్ళకు గూడయింది. కాయ చింతామణి మండీకి చేరాలంటే రోజూ ఎవరినో ఒకరిని బతిమాలాలి.

"నేనే నడుపుతా అత్తా" అంది నేత్ర.

"ముందు కోళ్ళను దింపు" అన్నాను.

బాగేపల్లిలో వెంకటేశప్ప అని డ్రైవింగ్ నేర్పే మేష్టరు ఉన్నాడు. ఆయన పద్ధతి వేరు. పదిహేను ప్రశ్నలతో తనే ఒక పరీక్ష పెడతాడు. తొమ్మిది ఒప్పయినవాళ్ళనే ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకునే లైసెన్సు పరీక్షకు చిక్కబళ్ళాపురం తీసుకుపోతాడు. తప్పినవాళ్ళు నెల ఆగాలి. నెల ఆగితే మా కాయ చెట్టు మీదే కుళ్ళుతుంది.

అందుకే బస్సులో పోతూ వస్తూ ఇద్దరం ఒక ఆట ఆడేవాళ్ళం. నేను కిటికీలోంచి బోర్డు చూసి దాని రూపం చెప్పాలి, ఆమె చూడకుండా అర్థం చెప్పాలి. నాకు అక్షరాలు నిదానంగా వస్తాయి గానీ ఆకారాలు ఎప్పుడూ తప్పవు.

"గుండ్రం, ఎర్ర అంచు, లోపల హారన్, అడ్డంగా ఎర్రగీత."

"హారన్ కొట్టరాదు."

ఒక్క బోర్డు దగ్గరే మాకు పడలేదు. మా దారిలో ఆవు బొమ్మ బోర్డు ఒకటుంది. దాని పక్కనే పశువుల ఆసుపత్రి. నలభై ఏళ్ళుగా అది ఆసుపత్రి బోర్డే. నేత్ర కాదంది. "మా ఆవును నేను తోలుకుపోలేదా అక్కడికి? నువ్వు పుట్టకముందు సంగతి!" అన్నాను. "సరే, తర్వాతి బోర్డు చెప్పు అత్తా" అంది. గెలిచాననుకున్నాను.

పరీక్ష రోజు నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. వెంకటేశప్ప ఏదో పాత పటంలోంచి బోర్డుల ఫోటోలు కత్తిరించి అట్టల మీద అంటించి పెట్టుకున్నాడు. నేత్ర అట్టలో చివరి ప్రశ్నకు ఫోటో లేదు. ఎండిపోయిన గోందు మరక మాత్రమే ఉంది. గదంతా వెతికినా ఆ ముక్క దొరకలేదు.

మిగతా పద్నాలుగూ దిద్దాడు. ఎనిమిది ఒప్పు.

"బొమ్మ ల్యాకపోతే ప్రశ్నా ల్యా. కొట్టేస్తాండా. వచ్చే నెల రామ్మా" అన్నాడు మేష్టరు.

"కొట్టేయొద్దప్పా! బొమ్మ యాడ పోతే ఏమి, నీ తలలో ఉండాది కదా? మాటల్లో చెప్పు" అని వెనక బెంచీలోంచి అరిచాను.

"చెప్తే జవాబు చెప్పినట్లే కదమ్మా?"

"అర్థం చెప్పొద్దు సార్. ఆకారం, రంగు, లోపలి గుర్తు, అంతే" అంది నేత్ర.

మేష్టరు నవ్వి ఒప్పుకున్నాడు. "సరే. లోపల ఆవు ఉండాది. ఒకటి, పశువుల ఆసుపత్రి. రెండు, పశువులను తోలకూడదు. మూడు, పశువులు రోడ్డుకు అడ్డం రావచ్చు. ఏది?"

నేను లేచి నిలబడ్డాను.

"అవ్వా! నువ్వు నోరు తెరిస్తే ప్రశ్న రద్దు."

కూర్చున్నాను. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదలు. ఒకటి చెప్పు, ఒకటి చెప్పు అని లోపల అరుస్తూనే ఉన్నాను.

నేత్ర తొందరపడలేదు. "ఆవు ఒక్కటే చెప్తే చాలదు సార్. గుండ్రమా, మూడు మూలలా?"

"మూడు మూలలు. ఒక మూల పైకి."

"అంచు?"

"ఎరుపు. లోపల తెలుపు, ఆవు నలుపు."

"గుండ్రంగా ఎర్రంచు ఉంటే వద్దని చెప్పేది కాబట్టి రెండు కాదు. ఆసుపత్రి లాంటి వివరం చెప్పేదయితే నీలి పలక ఉండాల, ఒకటీ కాదు. మూడు మూలల ఎర్రంచు ముందుంది జాగ్రత్త అని చెప్పేది. మూడో జవాబు. బండి నిదానించాల సార్" అని నా వైపు తిరిగి, "తప్పయితే మా అత్త ఇంట్లోకి రానీదు" అంది.

"తొమ్మిది!" అని వెంకటేశప్ప అట్ట మీద టిక్కు పెట్టాడు. "ఫోటో ఉన్నోళ్ళు గూడా ఇంత విడమర్చి చెప్పలా. రేపు పొద్దున్నే బస్టాండులో ఉండమ్మా. యాడ నేర్చుకున్న్యావు ఇట్లా?"

"మా అత్త దగ్గర. బస్సులో" అంది.

ఒక చేత్తో నన్ను ఓడించి, ఇంకో చేత్తో పల్లకీ ఎక్కించింది. పరీక్షకొచ్చిన ఆరుగురి ముందు ఏం తిట్టాలో తోచక ఆమె కొంగు సరిచేశాను. దారిలో మైసూరు పాకు కొన్నాను. నాకే తినాలనిపించి కొన్నానని చెప్పాను.

తిరుగు బస్సు మా ఊరు సమీపిస్తుండగా డ్రైవరు గబుక్కున బ్రేకు వేశాడు. సరిగ్గా ఆ బోర్డు దగ్గరే ఒక ఎర్రావు తీరిగ్గా రోడ్డు దాటుతోంది. బస్సంతా హారన్ కొట్టమని అరుస్తోంది. నేత్ర మాత్రం పెదవి బిగబట్టి నా ముఖం చూస్తోంది.

"నన్నేమి చూస్తాండావే?" అన్నాను. "అది ఆసుపత్రికే పోతాండాది."