వెయ్యి చేపల ప్రశ్న

మా జీవశాస్త్రం టీచరమ్మ రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, బడి ఊడ్చే అక్కకు తన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాకే క్లాసుకు వచ్చేది. నేనూ టీచరునయ్యాక ఆమె పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దిన రోజు తలచుకుంటే నాకిప్పటికీ గర్వమే.

ఒక కొలను వెయ్యి చేపల్నే పోషించగలదు. లాజిస్టిక్ పెరుగుదలలో, అంటే హద్దున్న పెరుగుదలలో, ఎన్ని ఉన్నప్పుడు వాటి సంఖ్య అన్నిటికన్నా వేగంగా పెరుగుతుందని ప్రశ్న. దిద్దేవాళ్లకిచ్చిన జవాబుల కీలో వెయ్యి అని ఉంది. ఐదొందలని రాసిన నలభై మందికి సున్నాలు వేశాక, టీచరమ్మ పెన్ను ఆపేసి పెద్ద ఎగ్జామినరు దగ్గరికి వెళ్లింది.

"తిండికీ చోటుకీ హద్దు లేకపోతే, ఎంత ఎక్కువుంటే అంత వేగం. అది ఘాతీయ పెరుగుదల సార్. ఇక్కడ హద్దుందిగా! వెయ్యికి చేరితే పెరుగుదలే ఉండదు. సగం దగ్గరే జోరు."

"పైనుంచి వచ్చిన కీ అమ్మా, కాదనడానికి మనమెవరం?"

"ఇల్లు కిక్కిరిశాక ఇంకో చుట్టానికి చోటెక్కడ సార్?"

ఆయన నవ్వి, లెక్క వేసి చూసి, కీ దిద్దారు. "సరే, ఇకనుంచి ఐదొందలకే మార్కులు వేద్దాం."

ఆమె కదల్లేదు. "దిద్ది కట్టేసిన పేపర్ల కట్టలు కూడా విప్పించండి సార్. ఆ నలభై సున్నాలూ నా చేత్తో వేసినవి. నన్నే దిద్దనివ్వండి."